పొట్టుసారు ఐదో ప్రశ్న

ఆయనకో అసలు పేరుంది. హాజరుపట్టీలోనూ, జీతం కాగితంలోనూ తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఆ కాలేజీలో ధాన్యాల పాఠాలు చెప్పే మాస్టారాయన. వరితో మొదలుపెట్టినా, గోధుమతో మొదలుపెట్టినా గంట కొట్టేసరికి పొట్టు దగ్గరికొచ్చి ఆగుతాడని, ఎప్పటి పిల్లలో పెట్టారు ‘పొట్టుసారు’ అని. మొదట్లో ఉడుక్కున్నాడు. తర్వాత విననట్టు నటించాడు. ఇప్పుడైతే ఎవరైనా ఫోన్లో అసలు పేరుతో పిలిస్తే, ఎవరికో వెళ్లాల్సిన ఫోను తనకొచ్చిందేమోనని కంగారుపడుతున్నాడు.

పొట్టుసారు ఎంత పేరుమోశాడో, ఆయన ఐదో ప్రశ్న కూడా అంతే పేరుమోసింది. ఆఖరి సంవత్సరం పేపర్లో మిగతా ప్రశ్నలు అటూ ఇటూ మారేవిగానీ ఐదోది మాత్రం రాయిలా కదిలేది కాదు: ‘చిరుధాన్యాలను మరపట్టడంలోనూ, పొట్టు తీయడంలోనూ ఎదురయ్యే ఇబ్బందులేవి? పిండి ఎక్కువకాలం నిలవ ఉండకపోవడానికి కారణాలు రాయండి.’ దానికి జవాబు పై తరగతి పిల్లల నుంచి కింది తరగతి పిల్లలకు వారసత్వంగా వచ్చేది. గింజ చిన్నది, ఆకారం ఒకేలా ఉండదు, పొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది, కొవ్వు ఎక్కువ... ఇలా పాటలా అప్పజెప్పేవాళ్లు. ఈ సంగతి ఆయనకు తెలియక కాదు. తెలిసే ఇచ్చేవాడు.

“పరీక్ష హాల్లో చేతులు వణుకుతుంటాయోయ్ వాళ్లకి. పట్టుకోవడానికి ఒక్క కొమ్మైనా ఉండాలి కదా,” అనేవాడు భార్యతో.

ఆవిడ లెక్కల టీచరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. “కొమ్మ ఇచ్చారు సరే, చెట్టెక్కడం ఎప్పుడు నేర్పుతారు?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్లిపోయేది.

ఈ ఏడాది సిలబస్ మారింది. పిల్లలు బెదిరిపోకుండా ముందుగా ఒక మాదిరి ప్రశ్నపత్రం తయారుచేసి నోటీసు బోర్డులో పెట్టాలనీ, దాన్ని ఇద్దరు కలిసి రాయాలనీ పైనుంచి మాట వచ్చింది. ఆ రెండో మనిషి ఎవరో కాదు, ఒకప్పుడు ఆయన క్లాసులోనే మొదటి వరసలో కూర్చుని, చెప్పిన ప్రతి వాక్యానికీ చెయ్యెత్తి ‘ఎందుకు సార్?’ అని ప్రాణం తీసిన అమ్మాయి. ఆ రోజుల్లోనే ఆయన ఆమెకు ‘ఎందుకమ్మ’ అని పేరుపెట్టాడు. కొన్నాళ్లు ఒక పిండిమిల్లులో ఉద్యోగం చేసి, ఈమధ్యే ఈ కాలేజీకి పాఠాలు చెప్పడానికొచ్చింది. ఎదురుగా బల్ల వేసుకుని కూర్చున్నా, పిలుపు మాత్రం మారలేదు.

“సార్, ఐదో ప్రశ్న మారుద్దామా?” అంది ఎందుకమ్మ ఒక కాగితం ఆయన ముందుకు జరుపుతూ.

పొట్టుసారు కళ్లజోడు సర్దుకున్నాడు. కాగితం మీద ఒక చిన్న పట్టిక. ఒకే రాశిలోని సజ్జల్ని మూడు విధాలుగా నిలవ చేశారు. మొదటిది, గింజగానే ఉంచి, పరీక్షించే రోజు మాత్రమే పిండి పట్టినది. రెండోది, పొట్టుతో సహా పిండి పట్టినది. మూడోది, పొట్టు తీశాక పిండి పట్టినది. వారం వారం వాటిలో కొవ్వు ఎంత విరిగి ఆమ్లంగా మారిందో అంకెలు. గింజ అంకె దాదాపు కదల్లేదు. పొట్టుతో పట్టిన పిండి అంకె పరుగులు పెట్టింది. పొట్టు తీసిన పిండి కాస్త నెమ్మదిగానైనా దాని వెనకే నడిచింది. కింద మూడు ముక్కలు: గింజ ఎందుకు నిలిచింది? పొట్టు తీసినా పిండి ఎందుకు చేదెక్కింది? ‘అయితే పొట్టు ఇంకా ఎక్కువ తీద్దాం’ అంటున్న మిల్లువాళ్లకు మీరిచ్చే సలహా ఏమిటి?

“బాగానే ఉందిగానీ,” అన్నాడు పొట్టుసారు. ఆయన ‘బాగానే ఉందిగానీ’ అన్నాడంటే బాగాలేదని కాలేజీలో అందరికీ తెలుసు. “పిల్లలు బెంబేలెత్తిపోతారమ్మా. అంకెలు చూడగానే సగంమంది కలం మూసేస్తారు.”

“తెలిసిన విషయమే కదండీ. మీరు చెప్పిన పాఠమే.”

“పాఠం నాదే. ప్రశ్న మాత్రం పోలీసువాడిలా ఉంది.”

ఎందుకమ్మ నవ్వింది. “పోనీ ఒక పని చేద్దాం సార్. మీరే ఒకసారి రాసి చూడండి. మీకు సమయం చాలకపోతే నేను వెనక్కి తీసేసుకుంటాను.”

సరదాకే అందామె. కానీ ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక భోజనాల బల్ల తుడిపించి, తెల్ల కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. భార్యను కాపలా ఉండమన్నాడు. అలాంటి పని అప్పజెబితే ఆవిడ ఊరుకునే రకమా? ముందు ఆయన చొక్కా జేబులు తడిమింది.

“ఇదేమిటి?”

“మందుల చీటీ.”

“చీటీయేగా. ఇటివ్వండి.” తీసుకుని తన దగ్గర పెట్టుకుంది. గడియారం చూసి, “ఊఁ, మొదలుపెట్టండి. తల పక్కకి తిప్పకూడదు,” అంది.

“పక్కన ఎవరున్నారే? గోడేగా?”

“మాట్లాడకూడదు.”

పొట్టుసారు రాయడం మొదలుపెట్టాడు. ఎంతమంది రాసిన జవాబును దిద్ది ఉంటాడు! చెయ్యి దానంతటదే సాగిపోయింది. చిరుధాన్యాల పరిచయం, గింజ పరిమాణం, పొట్టు రకాలు, గరుకు రాళ్ల చక్రాలతో పనిచేసే యంత్రం బొమ్మ. తర్వాత రాగుల దగ్గరికొచ్చాడు. రాగి గింజకు పైతోలు లోపలి పిండిని గట్టిగా కరుచుకుని ఉంటుందనీ, ఆ పిండేమో మెత్తగా ఉంటుందనీ, అందుకే నేరుగా యంత్రంలో వేస్తే పొట్టు ఊడకపోగా గింజే పొడైపోతుందనీ, ముందు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి గట్టిపరిస్తే తప్ప దారిలోకి రాదనీ పేజీ నిండా రాశాడు. అది ఆయనకు ప్రాణప్రదమైన విషయం. రాస్తుంటే ఒళ్లు తెలియలేదు.

“టైమైపోయింది,” అంది లెక్కల టీచరు.

“అప్పుడేనా! ఇంకా సలహా రాయాలి. ఒక్క నిమిషం.”

“కలం పెట్టేయండి.”

“ఒసేయ్, ముప్పై ఏళ్లు కాపురం చేశావు నాతో.”

“అందుకే చెబుతున్నా మర్యాదగా. పెట్టేయండి.” కాగితాలు లాగేసుకుని దారంతో కట్టింది.

మర్నాడు ఎందుకమ్మ ఆ జవాబును ఆయన ఎదురుగానే కూర్చుని దిద్దింది. మొదట మొహమాటపడింది. తర్వాత ఎర్ర కలం చేతిలోకొచ్చాక ఆ మొహమాటం ఎటుపోయిందో తెలియదు. యంత్రం బొమ్మ పక్కన ‘బాగుంది’ అని రాసింది. రాగుల పేజీ మీద ఆ మూల నుంచి ఈ మూలకు గీత గీసి, ‘అడగలేదు’ అని రాసింది.

“అడగలేదా?” అన్నాడు పొట్టుసారు నమ్మలేనట్టు. ప్రశ్న కాగితం తీసి చూశాడు. నిజమే. ఎక్కడా రాగుల ఊసు లేదు. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. పట్టికలోని ఒక్క అంకెను కూడా ఆయన తన జవాబులో వాడలేదు. ఉన్న విషయమంతా కరెక్టే. అడిగిన దానికి మాత్రం అది జవాబు కాదు.

“పదికి మూడున్నరా!” అన్నాడు.

“బొమ్మ బాగుందని అర కలిపాను సార్.”

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వు తగ్గాక ఆయన ప్రశ్న కాగితం మళ్లీ చదివాడు. ఈసారి పరీక్ష రాసేవాడిలా కాదు, మాస్టారిలా చదివాడు. చదివి, మూడో ముక్క దగ్గర వేలు పెట్టాడు.

“ఇదిగో, ఇక్కడ నువ్వూ తప్పు చేశావమ్మా. పొట్టు తీసిన పిండి అన్నావు. ఎంత తీశారు? నూటికి అయిదు పాళ్లా, ఇరవై పాళ్లా? అది చెప్పకుండా ఇంకా తియ్యాలా వద్దా అంటే ఎవడు మాత్రం ఏం చెప్పగలడు?”

ఎందుకమ్మ కాగితం తన వైపు తిప్పుకుని చూసింది. “అవును సార్. రాయలేదు. నాకు తెలియదు కూడా. అక్కడ ఎవరూ కొలవలేదు.”

“అక్కడంటే?”

“నేను పనిచేసిన మిల్లులో. ఈ అంకెలు అక్కడివే. సజ్జపిండి పొట్లాలు చేదుగా ఉన్నాయని దుకాణాల నుంచి తిరిగొచ్చేవి. కొత్తగా చేరానుగా, నన్నే అడిగారు.”

“మరి ఆ ‘ఇంకా పొట్టు తీద్దాం’ అన్న మహానుభావుడు ఎవరు? యజమానా?”

“నేనే సార్.”

పొట్టుసారు కళ్లజోడు తీసేశాడు.

“పరీక్షలో మీ ఐదో ప్రశ్నకి నాకు పూర్తి మార్కులొచ్చాయి. నిలవ ఉండకపోవడానికి కారణం పొట్టులోనూ, అంకురంలోనూ ఉన్న కొవ్వు అని రాశాను. కాబట్టి పొట్టు తీసేస్తే పోతుందనుకున్నాను. యంత్రం ఎక్కువసేపు తిప్పించాను. గింజలు ముక్కలయ్యాయి, తవుడు సంచిలోకి తెల్లపిండి పోయింది, చేతికొచ్చే సరుకు తగ్గింది. అయినా పిండి చేదెక్కింది. సజ్జగింజకి అంకురం పెద్దది, లోపల గుంటలో కూరుకుని ఉంటుందని మీరు క్లాసులో చెప్పారు. నేను రాసుకున్నాను కూడా. కానీ ఆ మాటకీ, ఆ యంత్రానికీ సంబంధం ఉందని అప్పుడు తోచలేదు.”

“నాకొక ఫోను చెయ్యకపోయావా, పిచ్చిపిల్లా?”

“మీ ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకున్న దాన్ని. ఏ ముఖంతో చెయ్యను?”

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. పిల్లలకు పట్టుకోవడానికి ఇచ్చిన కొమ్మ, చెట్టు దగ్గరకు కూడా చేరనివ్వలేదన్నమాట. కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

“తీసేద్దాం,” అన్నాడు. “నా ఐదో ప్రశ్న తీసేద్దాం. నీదే పెడదాం.”

సంతోషిస్తుందనుకుంటే ఎందుకమ్మ అడ్డం తిరిగింది. “వద్దు సార్. పూర్తిగా తీసేయొద్దు.”

“ఇప్పటిదాకా మార్చమన్నది నువ్వేగా?”

“మార్చమన్నాను, చంపమన్లేదు. ఆరోజు హాల్లో నాకు జ్వరం. పేపరు చూస్తే అక్షరాలు అలుక్కుపోయాయి. ఐదో ప్రశ్న కనబడ్డాకే ప్రాణం లేచొచ్చింది. ముందు అది రాశాను, తర్వాత మిగతావన్నీ రాయగలిగాను. అలాంటి పిల్లలు ఇప్పుడూ ఉంటారు.”

“నువ్వే చెప్పావు కదమ్మా, దాంతో ఒరిగిందేమీ లేదని!”

“పాసయ్యాను కదా సార్!”

అలా పొద్దున ఎవరు ఏ పక్షమో, సాయంత్రానికి ఇద్దరూ అటూ ఇటూ అయిపోయారు. ఆయన తన ప్రశ్న కొట్టేస్తానని, ఆమె ఉంచాలని పట్టు. మాట తెగక, ఆయన ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. లెక్కల టీచరు ఇద్దరికీ టీ ఇచ్చి, ఇద్దరి గోలా విని, ఒక్కసారే తేల్చేసింది.

“ఎందుకంత రభస? లెక్కల పేపర్లో మేం చేసే పనే చెయ్యండి. మొదటి మెట్టు అందరి కాలికీ అందాలి. రెండో మెట్టుకి కాస్త మోకాలు వంచాలి. మూడోది ఎక్కేవాళ్లు ఎక్కుతారు. ఒకే ప్రశ్నలో మూడు పెట్టండి. మొదటి దానికి ఈయన పాట, తర్వాత నీ పట్టిక, ఆఖర్న సలహా.”

“పిన్నిగారూ, మీరు మా డిపార్టుమెంటులో ఉండాల్సింది,” అంది ఎందుకమ్మ.

“ఆ పొట్టు దుమ్ము నాకు పడదమ్మా. ఈయన చొక్కాలు దులపడానికే సరిపోతోంది.”

ఇక మిగిలింది పట్టిక. లెక్క తెలియని అంకెలు పిల్లల ముందు పెట్టకూడదని పొట్టుసారు భీష్మించాడు. మాదిరి పేపరు ఇవ్వడానికి ఇంకా గడువుంది కాబట్టి అంకెలు మనమే పుట్టిద్దామన్నాడు. మర్నాడే ఇద్దరూ ప్రయోగశాలలో దిగారు. సజ్జలు జల్లించి, రాళ్లు ఏరి, తూకం వేసి, యంత్రంలో పోశారు. గరుకు చక్రాలు తిరుగుతుంటే గది నిండా బూడిదరంగు దుమ్ము లేచింది. కాసేపు తిప్పి కొంత తీశారు. మిగతాది ఇంకాసేపు తిప్పారు. తీసిన ప్రతిసారీ గింజా, తవుడూ విడివిడిగా తూచారు. కొద్దిసేపే తిప్పిన గింజ తెల్లబడి ముచ్చటగా కనబడింది.

“చూడు,” అన్నాడు పొట్టుసారు భూతద్దం ఆమె చేతికిచ్చి. “కోటు విప్పాడుగానీ టోపీ దాచుకున్నాడు.”

ఆమె వంగి చూసింది. గింజ కొసన, గుంటలో, అంకురం కదలకుండా కూర్చుని ఉంది. ఎక్కువసేపు తిప్పిన గింజలో కొన్ని చోట్ల అది సగం అరిగింది. కానీ దాంతోపాటు గింజలు పగిలి ముక్కలయ్యాయి, లోపలి పిండిభాగం తవుడు సంచిలో చేరింది.

“ఇక్కడ ఇంకోటుంది. ఈ అరగదీతకి అంకురంలో నూనె గింజ మీదకి పులుముకుంటుంది. నిండు గింజలో నూనె ఒక గదిలో, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒక గదిలో ఉంటాయి. మరపట్టామంటే గోడలు కూల్చేసినట్టే. రెండూ కలుస్తాయి. గాలి తోడవుతుంది. ఇంక చేదెక్కక ఏం చేస్తుంది?”

“అందుకే మిల్లులో నేను ఆఖరికి చేసిన పని పనిచేసింది సార్. గింజని మరిగే నీళ్లలో ఒక్క మునక ముంచి తీసి, బాగా ఆరబెట్టి, అప్పుడు పట్టించాను. వేడికి ఆ ఎంజైము చచ్చిపోయింది.”

“అది నీకెవరు చెప్పారు?”

“మీరే. పాఠం చివర్లో. గంట కొట్టాక.”

పొట్టుసారు చొక్కా మీద దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత, “గంట కొట్టాక చెప్పడం మానెయ్యాలి నేను,” అన్నాడు మెల్లగా.

అలా నాలుగో రకం కూడా పట్టికలో చేరింది. నాలుగు రకాలనూ నాలుగు డబ్బాల్లో పోసి, ప్రయోగశాల అలమరలో పెట్టారు. అంకెల కోసం వారం వారం కొంచెం కొంచెం తీసి పరీక్షించేవాళ్లు. అంకెలు రాసుకునేటప్పుడు ఇద్దరూ వంతులేసుకుని వాసన కూడా చూసేవాళ్లు. పొట్టుతో పట్టిన పిండి ముందు ముక్కిపోయింది. పొట్టు తీసినది ఆ తర్వాత దాని దారే పట్టింది. ఎక్కువ పొట్టు తీసిన దాన్ని కూడా పక్కన పెట్టి చూశారు. అది ఇంకాస్త ఆగిందిగానీ, పోయిన సరుకు చూస్తే ఆ లాభం లెక్కలోకి రాలేదు. మరిగే నీళ్లలో ముంచి ఆరబెట్టి పట్టినది మాత్రం అంకె పెద్దగా పెరగకుండా నిలిచింది.

మాదిరి పేపరు బోర్డెక్కింది. కాలేజీలో గగ్గోలు పుట్టింది. ‘ఐదో ప్రశ్న మారిపోయింది’ అని ఒకళ్లకొకళ్లు ఫోన్లు చేసుకున్నారు. ఎప్పుడో చదువు ముగించి వెళ్లిపోయినవాళ్లు కూడా సారుకు ఒంట్లో బాగాలేదేమోనని వాకబు చేశారు. మాదిరి పరీక్ష రాయించాక, ఇద్దరూ కట్టలు పంచుకుని దిద్దారు. పూర్తి మార్కులు వచ్చేవాళ్లు బాగా తగ్గారు. కానీ ఆ ప్రశ్నలో సున్నా తెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. వెనకబెంచీ కుర్రాడొకడు మొదటి మెట్టు ముత్యాల్లా రాసి, పట్టిక ముట్టుకోకుండా వదిలేశాడు. ఇంకొక అమ్మాయి సలహాలో ఇలా రాసింది: ‘మరిగే నీళ్లలో ముంచితే మంచిదే. కానీ వానాకాలంలో ఆరబెట్టే ఏర్పాటు లేకపోతే బూజు పడుతుంది. అలాంటి చోట గింజగానే నిలవ ఉంచి, అమ్ముడుపోయేంతే ఎప్పటికప్పుడు పట్టించడం నయం.’

“ఇది మన జవాబుపత్రంలో లేదు సార్,” అంది ఎందుకమ్మ.

“లేకపోతే రాసుకో,” అన్నాడాయన, పూర్తి మార్కులు వేసేస్తూ. “వాన సంగతి మనిద్దరికీ తోచలేదు చూశావా?”

కాగితాలు తిరిగి ఇచ్చే రోజు ఇద్దరూ కలిసే క్లాసుకు వెళ్లారు. మార్కులు చూసుకుని పిల్లలు ముఖాలు వేలాడేశారు. పొట్టుసారు సంచిలోంచి నాలుగు డబ్బాలు తీసి మొదటి బెంచీ మీద పెట్టాడు. వాటి మీద పేర్లు లేవు. మూత తీసి వాసన చూసి, పక్కవాళ్లకు అందించమన్నాడు.

మొదటి డబ్బా దగ్గరే ముక్కులు మూసుకున్నారు. “అబ్బా, పాతనూనె వాసన సార్!” అన్నాడు వెనకబెంచీ కుర్రాడు. రెండోదానికి నొసళ్లు చిట్లించారు. మూడోది గింజలు, దానికి వాసనే లేదన్నారు. నాలుగోది వానాకాలం గురించి రాసిన అమ్మాయి చేతికొచ్చింది. ఆమె వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకుంది.

“ఇది కొత్తగా పట్టిందే కదా సార్? నిన్నో మొన్నో?”

“లేదమ్మా. ఈ మూడు పిండులూ ఒకేరోజు పట్టినవే. అప్పటికి ఈ మాదిరి పేపరే తయారుకాలేదు.”

వెనకబెంచీ కుర్రాడు లేచి ముందుకొచ్చాడు. నాలుగో డబ్బాలో ముక్కు పెట్టి, మొదటి డబ్బాలో పెట్టి, మళ్లీ నాలుగోదానిలో పెట్టాడు. తన జవాబు కాగితంలో ఖాళీగా వదిలేసిన పట్టిక వైపు చూసి, “ఎందుకు సార్?” అన్నాడు.

పొట్టుసారు జవాబు చెప్పబోయి ఆగి, చాక్‌పీసు ఎందుకమ్మ చేతికిచ్చాడు. తాను వెళ్లి ఆ కుర్రాడి ఖాళీ సీటులో సర్దుకుని కూర్చున్నాడు. గంట కొట్టడానికి ఇంకా బోలెడు సమయం ఉంది.